మూడేళ్లు, 46,000 కిలోమీటర్లు: నా కారు బ్యాటరీని చల్లగా ఉంచే కూలెంట్ గురించి

ఎలక్ట్రిక్ కారు కొని మూడేళ్లయింది. మైలేజీ గురించి, ఫీచర్ల గురించి చాలామంది రాశారు. నేను బ్యాటరీ చల్లదనం గురించే రాస్తాను. విశాఖ ఉక్కలో, మే నెల హైవే మీద ఈ కారు నాకు నచ్చడానికీ, ఒకసారి నన్ను బాగా టెన్షన్ పెట్టడానికీ కారణం అదే.

బ్యాటరీ సెల్స్ కింద పల్చటి అల్యూమినియం పలక ఉంటుంది. దాని లోపలి దారుల్లో నీళ్లు, గ్లైకాల్ కలిపిన కూలెంట్‌ను చిన్న పంపు తిప్పుతూ ఉంటుంది. సెల్స్‌కి హాయిగా ఉండేది సుమారు 20 నుంచి 35 డిగ్రీల మధ్య. చలికాలంలో ముందున్న రేడియేటర్ గాలికే కూలెంట్ చల్లబడిపోతుంది. మేలో ఆ పప్పులుడకవు. బయట 38 డిగ్రీలుంటే రేడియేటర్ ఎంత పెద్దదైనా కూలెంట్‌ని అంతకన్నా కిందికి దించలేదు. అప్పుడు చిల్లర్ అందుకుంటుంది. ఏసీ గ్యాస్‌తోనే కూలెంట్‌ని చల్లార్చే చిన్న పెట్టె అది. అంటే కేబిన్‌కీ బ్యాటరీకీ కంప్రెసర్ ఒక్కటే. అన్నవరంలో ఫాస్ట్ ఛార్జింగ్ పెట్టి కార్లోనే కూర్చుంటే అమ్మ ప్రతిసారీ అడుగుతుంది, "ఏసీ తగ్గించేశావేంట్రా నాన్నా?" అని. నేను తగ్గించలేదు, బ్యాటరీ తన వాటా తీసుకుంటోంది.

ఆ వాటా ఎంతో ఒకసారి లెక్క వేసుకున్నాను. 50 కిలోవాట్ల ఛార్జింగ్‌లో సుమారు 140 ఆంపియర్లు వెళ్తాయి. బ్యాటరీ మొత్తం అంతర్గత నిరోధం 0.1 ఓమ్ అనుకుంటే, 140ని 140తో గుణించి 0.1తో గుణిస్తే దాదాపు 2 కిలోవాట్ల వేడి. ఇంట్లో రెండు ఇస్త్రీ పెట్టెలు ఆపకుండా కాలుతున్నట్టు. చల్లార్చకపోతే 300 కిలోల బ్యాటరీని అరగంటలో ఇది సుమారు 12 డిగ్రీలు పెంచుతుంది. విశాఖ నుంచి 120 కిలోమీటర్లు వచ్చి, అప్పటికే 36 దగ్గరున్న బ్యాటరీ 48కి చేరుతుంది. అలా వదిలేస్తే సెల్స్ త్వరగా ముసలివైపోతాయి కాబట్టి, కారే ముందుగా ఛార్జింగ్ వేగం తగ్గించేస్తుంది.

రెండో వేసవిలో నాకు జరిగింది అదే. ఎప్పుడూ 75 శాతం దాకా తగ్గని వేగం, 55 శాతం దగ్గరే 50 నుంచి 24కి పడిపోయింది. డ్యాష్‌బోర్డు మీద ఒక్క హెచ్చరిక లేదు. బ్యాటరీ ఉష్ణోగ్రత కూడా చూపించదు, ఈ కారులో నాకు నచ్చని విషయం ఇదే. కారు లోపలి సమాచారం ఇచ్చే ఓబీడీ పోర్టుకి పెట్టిన చిన్న పరికరంతో ఫోన్లో చూస్తే, అన్నింటికన్నా వేడిగా ఉన్న సెన్సార్ 46, చల్లగా ఉన్నది 35. మామూలుగా ఆ తేడా మూడు నాలుగు డిగ్రీలే. కేబిన్ ఏసీ మాత్రం చల్లగానే వస్తోంది. అంటే కంప్రెసర్, గ్యాస్ బాగానే ఉన్నాయి, లోపం కూలెంట్ వైపు ఉంది. బానెట్ తెరిచి వింటే, కుళాయిలో గాలి వచ్చినప్పటి గుడగుడ చప్పుడు.

అప్పుడు గుర్తొచ్చింది. నెల క్రితం బంపర్ రిపేర్‌లో ఒక హోస్ పైపు విప్పారు. బిగించాక ట్యాంకులో గీత దాకా కూలెంట్ పోసి పంపించేశారు, లోపలి గాలి తీయలేదు. గాలి నిలిచిన చోట పలకకి కూలెంట్ సరిగా అందదు, దాని పైనున్న సెల్సే వేడెక్కుతాయి. నా ఫోన్లోని అంకెలు చూపించాకే వర్క్‌షాప్ వాళ్లు ఒప్పుకున్నారు. వాక్యూమ్ పెట్టి గాలి లాగేసి మళ్లీ నింపితే, ఇంకో 1.3 లీటర్లు పట్టింది. గీత దగ్గర కూలెంట్ కనిపించినంత మాత్రాన లోపల నిండినట్టు కాదని నాకు అప్పుడే తెలిసింది. తగ్గినప్పుడు కుళాయి నీళ్లు మాత్రం పోయకండి. వాటిలోని ఉప్పు పొర కట్టి సన్నటి దారుల్ని మూసేస్తుంది, కూలెంట్ బయటికి కారితే కరెంటు పాకే ప్రమాదమూ పెరుగుతుంది.

బ్యాటరీ హీటర్ సంగతి కూడా చెప్పాలి. విశాఖలో దాని అవసరం రాదు. డిసెంబరులో లంబసింగిలో రాత్రంతా బయట ఉంచితే, తెల్లారేసరికి బ్యాటరీ 9 డిగ్రీలకి దిగింది. ఘాట్ దిగుతుంటే, బ్రేకు వేసినప్పుడు తిరిగి రావాల్సిన కరెంటు సగం కూడా రాలేదు. చల్లటి సెల్‌లోకి గట్టిగా కరెంటు తోస్తే లిథియం లోపలికి ఇంకకుండా పైనే లోహంగా పేరుకుంటుంది. అందుకే కారు ఒప్పుకోదు. నా కారులో హీటర్ ఛార్జర్ తగిలించినప్పుడే పనిచేస్తుంది. కూలెంట్‌ని వేడి చేసి, అదే పలకలోంచి తిప్పుతుంది. మన ప్రాంతానికి ఆ మాత్రం చాలు. ఇంతకన్నా మంచి హీటర్ కోసం ఎక్కువ డబ్బు పెట్టి పై మోడల్ కొననక్కర్లేదు. చిల్లర్ లేని కారు మాత్రం, హైవే మీద తిరిగేవాళ్లు తీసుకోవద్దని గట్టిగా చెప్తాను.

ఇప్పటికీ అన్నవరంలో గన్ తగిలించగానే ముందు ఆ రెండు అంకెలే చూస్తాను. పోయిన ఆదివారం 37, 34.