పేరు రాయొద్దు, కనిపించింది రాయి: మూడేళ్లు వాడాక నా మాట

మైక్రోస్కోపులో ఉల్లి వేరు కొన స్లైడు దొరికాక, ఫోటోకు ఫోన్ పైకి తీసే ముందే, కనిపించింది కనిపించినట్టు రఫ్ నోట్సులో మూడు నాలుగు వాక్యాలు రాయాలి. అది కణ విభజనలో ఏ దశో ఆ పేరు మాత్రం రాయకూడదు. కర్నూలులో మా డిగ్రీ ల్యాబ్‌లో మూడేళ్లుగా పిల్లలతో ఇలా రాయిస్తున్నాను. పోయినేడు నేను దీన్ని తెగ మెచ్చుకున్నాను, ఇది ఉంటే ఫోటోతో పనే లేదని కూడా అన్నాను. ఇప్పుడు అంత గట్టిగా అనలేను. అయినా ఆ రెండో నియమం, పేరు రాయొద్దన్నది ఉంది చూడండి, దాని మీద నా ఇష్టం ఇంకా పెరిగింది.

ఎందుకో ఈ ఫిబ్రవరిలో జరిగింది చెబితే తెలుస్తుంది. కోడుమూరు వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి రికార్డుకు పెట్టాల్సిన ఫోటో ఫోన్‌తో పాటే పోయింది. ఫోన్ నీళ్ల డ్రమ్ములో పడిందట. స్లైడునైనా మళ్లీ చూద్దామంటే అదీ లేదు. అసిటోకార్మిన్ రంగు వేసి నొక్కిన తాత్కాలిక స్లైడు కదా, అంచులకు నెయిల్ పాలిష్ పూయకపోతే రాత్రికే ఎండిపోతుంది. పూయలేదు. పొద్దున చూస్తే కవర్ స్లిప్ కింద ఎర్రటి పెచ్చు మిగిలింది, అంతే.

"మేడం, నోట్సు ఉంది. చదవమంటారా?" అని ఫోన్ చేసింది, వాళ్ల నాన్న నంబరు నుంచి.

"చదువమ్మా."

"గుండ్రంగా పువ్వులా ఉంది. మధ్యలో ఖాళీ. కాళ్లు బయటికి చాపి ఉన్నాయి. ఒక్కో కాలు నిలువునా చీలినట్టు ఉంది. లెక్కపెడితే ఒకసారి 15, ఒకసారి 16 వచ్చాయి."

గుండ్రంగా అనగానే నేను విభజనలో మొదటి దశ, ప్రొఫేజ్ అనేశాను. ఇరవై ఏళ్ల అలవాటు మరి. పుస్తకంలో ఆ తర్వాతి దశ మెటాఫేజ్ బొమ్మ ఎప్పుడూ కణం నడుమ అడ్డగీతలా ఉంటుంది, ప్రొఫేజ్ బొమ్మ గుండ్రంగా ఉంటుంది. ఆ అమ్మాయి మాత్రం ఊరుకోలేదు. "మరి మధ్యలో ఖాళీ అని రాశాను కదా మేడం?" అంది.

ఆ ప్రశ్నే నన్ను నిలబెట్టింది. ప్రొఫేజ్‌లో క్రోమోజోములు సన్నటి పొడుగు దారాలు. పిల్లి ఆడుకున్న దారపు ఉండలా కేంద్రకమంతా నిండి ఉంటాయి, ఏ దారం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియదు. అక్కడ నడుమ శుభ్రమైన ఖాళీ ఉండదు, బయటికి చాపిన కాళ్లూ ఉండవు. లెక్కపెట్టడం అసలే కుదరదు. ఈమెకు 15, 16 దాకా లెక్క అందిందంటే అవి పొట్టిగా, లావుగా, విడివిడిగా ఉన్నట్టే. ఉల్లికి ఉన్నవి 16. ఒకటి ఇంకోదాని మీద పడితే 15 అనిపించడం మామూలే.

అంటే అది మెటాఫేజే, చూసిన కోణం వేరు. అడ్డగీతలా కనిపించేది పక్క నుంచి చూసినప్పుడు. కంచాన్ని అంచు వైపు నుంచి చూస్తే గీత, పై నుంచి చూస్తే గుండ్రం. ధ్రువం వైపు నుంచి, అంటే కణం కొస వైపు నుంచి చూస్తే, క్రోమోజోముల నొక్కు దగ్గరి సెంట్రోమియర్లు లోపలి వలయంలో ఉంటాయి, ఆమె కాళ్లన్న భుజాలు బయటికి పరుచుకుంటాయి. వేరు కొనలో కణాలు ఎక్కువగా వేరు పొడవు దిశలోనే విభజన చెందుతాయి. అందుకే స్లైడు మీద పరిచిన వేరులో మనకు పక్క చూపులే ఎక్కువ దొరుకుతాయి. గట్టిగా నొక్కినప్పుడు ఏదో ఒక కణం తిరగబడి ఇలా పువ్వై కూర్చుంటుంది.

ఇంకో అనుమానం మిగిలింది. మెటాఫేజ్ తర్వాతి దశ అనాఫేజ్‌ను కూడా ధ్రువం వైపు నుంచి చూడొచ్చు. అప్పుడూ ఒక్కో గుంపులో 16 ఉంటాయి, అప్పుడూ వలయమే. ఇక్కడ నన్ను గట్టెక్కించింది "నిలువునా చీలినట్టు" అన్న మాట. మెటాఫేజ్‌లో ఒక్కో క్రోమోజోము క్రొమాటిడ్లనే రెండు ఒకేలాంటి పోగుల జంట, కాబట్టి భుజం మధ్యలో సన్నటి చీలిక కనిపిస్తుంది. అనాఫేజ్‌లో ఆ జంట విడిపోయి ఉంటుంది, చీలిక ఉండదు. ఫైన్ ఫోకస్ తిప్పుతూ పోతే కింద రెండో వలయం కూడా తేలాలి, స్లైడును మరీ చదునుగా నొక్కకపోతే. అలా రెండోది కనిపించిందా అని నేను అడగలేదు, కావాలనే. అలా అడిగితే పిల్లలు అవుననేస్తారు. "ఫోకస్ తిప్పినప్పుడు ఏమైంది?" అని మాత్రమే అడిగాను. "అంతా ఒకేసారి స్పష్టమైంది, ఒకేసారి మసకైంది మేడం" అంది. సరిపోయింది, వలయం ఒకటే.

ఈ అమ్మాయి నోట్సులో వట్టి "మెటాఫేజ్" అనో "ప్రొఫేజ్" అనో రాసి ఉంటే ఇందులో ఒక్క ముక్క కూడా మాకు మిగిలేది కాదు. పేరు తప్పైతే దిద్దడానికి కింద ఏమీ ఉండదు. రికార్డులో చివరికి ధ్రువం వైపు నుంచి కనిపించిన మెటాఫేజ్ అని రాయించి, ఫోటో పోయిందని కూడా పక్కన రాయించాను.

అయితే పోయినేటి నా పొగడ్తను కాస్త తగ్గించుకోవాలి. అప్పట్లో నేను చూసినవన్నీ సులువైనవే. "గుర్రపు నాడాల్లా రెండు గుంపులు, వంపులు బయటికి, కొసలు లోపలికి" అని రాస్తే అనాఫేజ్ కాక ఇంకేమవుతుంది? తడి చీరను నడుమ పట్టి లాగితే రెండు కొసలు వెనక ఈడ్చుకొస్తాయి చూడండి, సెంట్రోమియర్ ముందు నడిచి భుజాలు వెనక రావడం అదే. అలాంటిచోట మాటలు ఫోటోకు తీసిపోవు.

పైన చెప్పిన పువ్వు విషయంలో మాత్రం, అది పూర్తిగా కుదురుకున్న మెటాఫేజా, లేక ఇంకా సర్దుకుంటున్న దశా అని ఎవరైనా నన్ను నిలదీస్తే జవాబు లేదు. నొక్కుడుకు క్రోమోజోములు చెదురుతాయి, ఆ తేడా మాటల్లో చిక్కదు. ఫోటో ఉన్నా బహుశా చిక్కేది కాదు. ఇక బీజకణాలకు దారితీసే విభజన, మియోసిస్ స్లైడ్లకు నేను ఈ పద్ధతిని నమ్మడం మానేశాను. పూమొగ్గ పుప్పొడి మాతృకణాల్లో క్రోమోజోముల జంటలు ఎక్కడ అతుక్కున్నాయో చెప్పడానికి వాక్యం సరిపోదు, పెన్సిల్ బొమ్మ వేయాల్సిందే.

మా ల్యాబ్‌లో ఒక బ్యాచ్‌కు ఎనిమిది మందే ఉంటారు, ఒక్కొక్కరి పక్కన నిలబడి "పేరు కొట్టేయ్, ఏం కనపడిందో రాయ్" అనే తీరిక నాకుంది. నలభై మంది ఉన్న చోట ఇది నడుస్తుందో లేదో, అక్కడ పాఠం చెప్పేవాళ్లు చూసుకోవాలి. నేను ఈ ఏడు దీంతో పాటు ఒక నెయిల్ పాలిష్ సీసా కూడా కొని బల్ల మీద పెట్టాను.