బ్యాంకులో ‘డిపాజిట్’ అని చేతికిచ్చిన కాగితం ఒకసారి తీసి చూడండి

నేను గుంటూరులో పన్నెండేళ్లుగా ఇన్సూరెన్స్ ఏజెంట్‌ని. పోయిన ఏడాది మా బావ గుండెపోటుతో పోయారు, 39 ఏళ్లు. పదకొండో రోజు అయ్యాక అక్క బట్టల షాపు కవర్లోంచి ఒక పాలసీ బాండ్ తీసి నా చేతిలో పెట్టింది. ఇంటి లోన్ తీసుకున్నప్పుడు బ్యాంకులో ‘ఇది కూడా చేయించుకుంటే లోన్ త్వరగా వస్తుంది, డిపాజిట్ లాంటిదే’ అన్నారట, బావ సంతకం పెట్టేశారు. నాకు ఒక్క మాట చెప్పలేదు.

అది పొదుపు పాలసీ, అంటే ఎండోమెంట్. ఏటా 50,000 చొప్పున ఇరవై ఏళ్లు కట్టాలి. మూడేళ్లు కట్టారు. ‘సమ్ అష్యూర్డ్’ అన్న చోట 10 లక్షలు ఉంది, అంతే. అక్కకి వచ్చింది ఆ పది లక్షలు, పైన కొద్దిగా బోనస్. ఇంటి లోన్ మాత్రం ఇంకా 22 లక్షలు ఉంది.

అదే బావ ఆరోజు టర్మ్ పాలసీ తీసుకుని ఉంటే, 36 ఏళ్ల వయసు, సిగరెట్ అలవాటు లేదు, కోటి రూపాయల కవర్‌కి ఏడాదికి సుమారు 15,000 అయ్యేది. టర్మ్ అంటే బండి ఇన్సూరెన్స్ లాంటిదే, ఏమీ జరగకపోతే కట్టిన డబ్బు తిరిగి రాదు. ఈ ఒక్క మాటకే చాలామంది వెనక్కి తగ్గుతారు, ‘ఊరికే పోతుంది కదా’ అని. పొదుపు పాలసీలోనూ మీ రిస్కుకి అయ్యే ఖర్చు అందులోంచే పోతుంది, విడిగా కనబడదు, అంతే తేడా.

మరి పొదుపు సంగతి? ఆ పాలసీలో ఇరవై ఏళ్లకి సుమారు 18 లక్షలు వస్తుందని రాసి ఉంది. కట్టేది పది లక్షలు కాబట్టి దాదాపు రెట్టింపు అనిపిస్తుంది కానీ లెక్క వేస్తే ఏడాదికి అయిదు శాతం పైన కొద్దిగా. టర్మ్‌కి పోగా మిగిలే 35,000 పీపీఎఫ్‌లో వేస్తే, ఇప్పటి 7.1 శాతమే కొనసాగితే (వడ్డీ మారుతూ ఉంటుంది), ఇరవై ఏళ్లకి పదిహేనున్నర లక్షలవుతుంది. చేతికొచ్చేది రెండున్నర లక్షలు తక్కువే, నిజం. కానీ ఆ ఇరవై ఏళ్లూ ఇంటికి ఉండే రక్షణ పది లక్షలు కాదు, కోటి.

ఇలాంటి పొదుపు పాలసీకి మొదటి ఏడాది మాకొచ్చే కమీషన్ టర్మ్ మీద వచ్చేదానికంటే చాలా ఎక్కువ, ఏజెంట్‌గా నేనే చెబుతున్నాను, అందుకే మీకు ముందు చూపించేది ఇదే.

మీ ఇంట్లో బాండ్ ఉంటే మొదటి పేజీలో సమ్ అష్యూర్డ్ చూడండి, ఏటా కట్టే ప్రీమియానికి పది, ఇరవై రెట్ల దగ్గర ఆగిపోతే అది పొదుపు పాలసీయే అనుకోవచ్చు. బాండ్ అంది 30 రోజులు దాటకపోతే రద్దు చేయమని రాసిచ్చి రసీదు తీసుకోండి, చిన్న కోతలు పోను డబ్బు వెనక్కిస్తారు. దాటిపోతే మాత్రం కోపంలో కట్టడం ఆపేయకండి. ముందు టర్మ్ పాలసీ చేతికి రావాలి, అందులో షుగర్, బీపీ, సిగరెట్ ఏదీ దాచకుండా రాయండి, ఆ తర్వాతే పాతదానికి సరెండర్ విలువ, అంటే మధ్యలో వదిలేస్తే చేతికొచ్చేది, ఎంతో కంపెనీని రాతపూర్వకంగా అడగండి.