130 మి.మీ. న్యూటోనియన్ టెలిస్కోపు, ఆరేళ్ల తర్వాత: అద్దాన్ని తిట్టాను, తప్పు నా స్క్రూడ్రైవర్‌ది

స్టాండు ఎలా ఉంది, బరువు ఎంత లాంటివి రాయను, అవి అందరూ రాశారు. 130 మి.మీ. పారాబొలిక్ అద్దం, 650 మి.మీ. ఫోకల్ లెంగ్త్, అంటే అద్దం నుంచి వెలుగు కలిసే చోటు దాకా దూరం, ఆరేళ్లుగా నా దగ్గరే ఉంది. నాకు చెప్పాలనిపించేది ఆ అద్దం ఆకారం గురించే. మొదట్లో దాన్ని నెత్తిన పెట్టుకున్నాను, మూడో ఏట అయిదు నెలలు తిట్టుకున్నాను, ఇప్పుడు మాకు రాజీ కుదిరింది.

దీనికి ముందు నా దగ్గర 114 మి.మీ. అద్దం, 500 మి.మీ. ఫోకల్ లెంగ్త్ ఉన్న చిన్న ట్యూబు ఉండేది. అందులో అద్దం గోళాకారం, అంటే పెద్ద బంతి లోపలి వైపు నుంచి కోసిన ముక్కలాంటిది. శనిగ్రహం పెట్టి ఫోకస్ నాబ్ అటూ ఇటూ ఎంత తిప్పినా "ఇదిగో, ఇక్కడ" అనిపించే చోటు ఒక్కటీ దొరికేది కాదు. కన్ను పెట్టి చూసే కటకం, అదే ఐపీస్, బాగాలేదనుకుని రెండు మార్చాను. అసలు సంగతి ఏమిటంటే అక్కడ ఫోకస్ అయ్యే చోటు నిజంగానే ఒక్కటి లేదు. ఆ అద్దం అంచున పడిన వెలుగు, మధ్యలో పడిన వెలుగు కంటే సుమారు 0.8 మి.మీ. ముందే కలుస్తుంది. ఖాళీ స్టీలు గ్లాసులోకి పక్కనుంచి లైటు పడితే అడుగున రెండు కొమ్ముల్లాంటి వెలుగు గీత కనిపిస్తుంది చూడండి, అది ఇదే జబ్బు. వంపు గోడ వెలుగును ఒక చుక్కకి తేలేక గీతగా పరుస్తుంది.

పారాబొలా అయితే దూరం నుంచి సమాంతరంగా వచ్చే ప్రతి కిరణం, అద్దంలో ఎక్కడ పడినా, ఫోకస్ దాకా సరిగ్గా ఒకే దూరం నడుస్తుంది. అందుకే అన్నీ ఒకేచోట, ఒకే అడుగులో చేరతాయి. దీనికోసం గాజును ఎంతో చెక్కేస్తారని అనుకునేవాణ్ణి. నా 130 మి.మీ. అద్దానికి లెక్క వేస్తే, నడుమ ఒకే వంపు ఉన్న గోళానికీ దీనికీ అంచు దగ్గర తేడా మిల్లీమీటరులో వెయ్యో వంతు. వెంట్రుక మందంలో యాభయ్యో వంతు కూడా కాదు. ఆ వెయ్యో వంతు కోసమే మొదటి రాత్రి 5 మి.మీ. ఐపీస్‌తో, 130 రెట్లలో, శని వలయం మధ్య నల్లటి సన్నగీత కనిపించి కాసేపు నోట మాట రాలేదు.

అలాగని గోళాకారం అనగానే పారేయకండి. మా ఫ్రెండ్ దగ్గర అదే 114 మి.మీ. గోళాకార అద్దం 900 మి.మీ. ఫోకల్ లెంగ్త్‌లో ఉంది, అది గ్రహాలను శుభ్రంగా చూపిస్తుంది. వంపు తక్కువ కాబట్టి తప్పు కూడా వెలుగు తరంగంలో అయిదో వంతుకి దిగిపోతుంది, పావు వంతు లోపల ఉంటే కంటికి పెద్దగా తెలియదు. నా పాత ట్యూబులో అది ఒక తరంగం పైనే. పొట్టి ట్యూబులో గోళం పెట్టడమే గొడవ. న్యూటన్ 1668లో చేసిన మొదటి దానిలోనూ గోళాకార అద్దమే. పారాబొలా రుద్ది చూపించింది 1721లో ఇంగ్లండ్ గణితవేత్త జాన్ హాడ్లీ.

ఇక మూడో ఏట జరిగిన కథ. అద్దం మడతపెట్టే వెలుగు దారి అర్థమైతే గానీ ఇది అర్థం కాదు. పెద్ద అద్దం నుంచి వెలుగు శంకువులా సన్నబడుతూ ట్యూబు మూతి వైపు వెళ్తుంది. 650 మి.మీ. పోతే ఫోకస్, కానీ అక్కడ నా తల పెడితే ఆకాశమే కనపడదు కదా. అందుకని 480 దగ్గర, 45 డిగ్రీల వాలులో, చిన్న చదునైన అద్దం ఆ దారిని పక్కకి తిప్పేస్తుంది. మిగిలిన 170 మి.మీ. పక్కకి నడిచి ఐపీస్ దగ్గర తేలుతుంది. చదును కాబట్టి వంపులో ఏమీ కలపదు, తీయదు, కేవలం మడత. అక్కడికి వచ్చేసరికి శంకువు 34 మి.మీ.కి సన్నబడి ఉంటుంది, అందుకే ఇంత చిన్న అద్దం సరిపోతుంది. వచ్చే వెలుగులో ఏడెనిమిది శాతాన్ని అడ్డుకుంటుంది, అంతే.

ఆ చిన్న అద్దం మీద దుమ్ము పట్టిందని విప్పాను, కడిగాను, మళ్ళీ బిగించాను. ఐపీస్ దూర్చే గొట్టం, అదే ఫోకసర్‌లో, చిన్న రంధ్రం ఉన్న మూత పెట్టి కన్ను ఆనించి చూస్తే అన్నీ గుండ్రాల్లో గుండ్రాలుగా ఉన్నాయి, ఒక్క చిన్న అద్దం నల్లటి నీడ మాత్రం పెద్ద అద్దం ఉన్న దిక్కుకి కాస్త జరిగి ఉంది. నాకు అది తప్పులా అనిపించింది. పెద్ద అద్దం వెనక స్క్రూలు తిప్పి ఆ నీడను కూడా మధ్యలోకి తెచ్చి, ఎంత ఓపికగా చేశానో అని మురిసిపోయాను.

ఆ రోజు నుంచి గురుగ్రహానికి ఒకవైపు తోక. నక్షత్రాలు పక్షి రెక్కలు విప్పినట్టు. పారాబొలా పాడైందేమో, క్లిప్పులు బిగుతై గాజు వంగిందేమో అని అయిదు నెలలు. చివరికి ఒక రాత్రి విసుగొచ్చి ట్రాకింగ్ ఆపేశాను, నక్షత్రం దానంతట అదే జరిగిపోతూ ఒకవైపు అంచుకు చేరేసరికి గుండ్రంగా మారింది. మధ్యలో చెడి అంచున బాగుండటమా? అప్పుడు వెలిగింది, అద్దం బాగానే ఉంది, దాని కేంద్రమే ఐపీస్ మధ్యలో లేదు.

నీడ జరిగి ఉండటం నిజానికి సరైనదే. 45 డిగ్రీల్లో ఏటవాలుగా ఉన్న అద్దానికి పెద్ద అద్దం వైపు ఉన్న కొన దగ్గర శంకువు లావుగా, అవతలి కొన దగ్గర సన్నగా ఉంటుంది, కాబట్టి దాని మధ్యబిందువు నా ట్యూబులో రెండు మి.మీ.కి కాస్త తక్కువగా జరిగే ఉండాలి. దాన్ని బలవంతంగా మధ్యలోకి తెస్తే ఫోకస్ దగ్గర కేంద్రం రెండు మి.మీ.కి పైగా పక్కకి పోతుంది. ఇక్కడే నా పాత పొగడ్తలో కొంత వెనక్కి తీసుకోవాలి. పారాబొలా బాగుచేసేది నడిమధ్యనే. పక్కకి పోతే చుక్కకి ఒకవైపు తోక సాగే కోమా వస్తుంది, ఆ జబ్బు అదే పొట్టిదనం ఉన్న గోళానికీ అంతే ఉంటుంది, నా పాత ట్యూబులో మొత్తం మసకే కాబట్టి ఇది కనపడలేదు. ఫోకల్ లెంగ్త్ అద్దానికి అయిదు రెట్లే ఉన్న నాలాంటి దానికి నిజంగా పదునుగా ఉండే చోటు అడ్డంగా 3 మి.మీ. కూడా ఉండదు, అంటే ఆకాశంలో చందమామలో సగం. నేను దాని అవతలికి పోయి కూర్చున్నాను.

సరిచేయడానికి పావుగంట. పెద్ద అద్దం నడుమ అంటించిన చిన్న రింగు ప్రతిబింబాన్ని మూత రంధ్రం ప్రతిబింబం మీదికి తెచ్చాను, నీడ ఎక్కడుంటే అక్కడ ఉండనిచ్చాను.

కొనాలా అంటే, నేను ఎక్కువగా గ్రహాలు, జంట నక్షత్రాలు చూస్తాను, ప్రతిసారీ పది నిమిషాలు స్క్రూలతో కూర్చోవడం నాకు పర్వాలేదు. ట్యూబు తరచూ బండిలో వేసుకుని తిరిగేవాళ్లు, బయటికి తీయగానే చూడాలనుకునేవాళ్లు మా ఫ్రెండ్‌ది లాంటి పొడుగు ట్యూబుతో నాకంటే సుఖంగా ఉంటారేమో. చిన్న అద్దం మీద మళ్ళీ దుమ్ము పట్టింది. ఈసారి విప్పలేదు.