వానొస్తే 94, ఎండ కాస్తే 150: నాలుగేళ్ల తర్వాత మా ఇంటి నెట్ గురించి

2021 జూన్‌లో ఈ కనెక్షన్ తీసుకున్నాను. మొదటి రెండేళ్లు ఎవరడిగినా కళ్లు మూసుకుని తీసుకోమన్నాను. మా అపార్ట్‌మెంట్‌లోనే రెండిళ్లవాళ్లు నా మాట విని చేరారు. ప్లాన్, ధర, రౌటర్ సంగతులు అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. నేను చెప్పాల్సింది ఒక్క వైరు గురించి. డాబా మీది స్విచ్ పెట్టె నుంచి రెండో అంతస్తులోని మా ఇంటిదాకా బయటి గోడ వెంబడి దిగిన 35 మీటర్ల వైరు అది. నా కోపమంతా దాని మీదే.

మాది బెంగళూరు, మారతహళ్లి దగ్గర. మా బిల్డింగ్‌లో ఫైబర్ డాబా మీది పెట్టె దగ్గరే ఆగిపోతుంది. అక్కణ్నుంచి ఇళ్లకు మామూలు రాగి లాన్ కేబులే. మూడో ఏడాది వానాకాలంలో గొడవ మొదలైంది. 150 ఎంబీపీఎస్ ప్లాన్ కదా, రాత్రి వాన పడితే పొద్దున స్పీడ్ టెస్టులో 94 వచ్చేది. గట్టి వాన రెండు రోజులు పట్టిందంటే 8, 10కి పడిపోయేది. మీటింగ్‌లో నా గొంతు ముక్కలు ముక్కలుగా వినిపిస్తోందని మా టీమ్‌వాళ్లు మెసేజ్‌లు పెట్టేవారు. రెండు రోజులు ఎండ కాస్తే 94 నిలకడగా వచ్చేది. అప్పుడు రౌటర్ ఆపి తిరిగి ఆన్ చేస్తే మళ్లీ 150. దాంతో తప్పంతా రౌటర్‌దే అనుకుని 3,200 పెట్టి కొత్తది కొన్నాను. తర్వాతి వానకు అదీ 94 దగ్గరే నిలబడింది.

కంపెనీకి ఫోన్ చేస్తే వైఫై ఛానల్ మార్చమన్నారు. రిపేరు చేసే అబ్బాయి వచ్చేసరికి రెండు రోజులయ్యేది, ఈలోపు ఎండ కాసేది. చూసి "బాగానే వస్తోంది కదా మేడమ్" అని కంప్లెయింట్ మూసేసేవాడు. ఒకసారి మాత్రం తడిగా ఉండగానే వచ్చి, మా ఇంటి వైపు జాక్ కోసేసి కొత్తది క్రింప్ చేశాడు. వెంటనే 150 వచ్చింది, నా ప్రాణం లేచొచ్చింది. మూడు వారాల తర్వాత మళ్లీ వాన, మళ్లీ 94. అలా మూడుసార్లు జాక్ మార్చారు.

ఈ 94 అనే అంకెను నేను మొదట్లోనే పట్టించుకోవాల్సింది. లాన్ కేబుల్‌లో నాలుగు జతల తీగలుంటాయి. మాకు 150 రావాలంటే వైరు గిగాబిట్ లింకులో, అంటే 1000 ఎంబీపీఎస్‌లో నడవాలి. దానికి నాలుగు జతలూ కావాలి, 100 ఎంబీపీఎస్‌కు రెండు చాలు. 100కి అక్కర్లేని జత ఒకటి పాడైతే రెండు వైపుల పరికరాలూ చాలావరకు 100కి దిగి సర్దుకుంటాయి. డేటా ప్యాకెట్లనే ముక్కలుగా వెళ్తుంది, ఒక్కోదానికి అంటించే చిరునామా వగైరాల ఖర్చు పోగా స్పీడ్ టెస్టులో కనిపించేది 94, 95. వైరు ఆరినా లింకు తనంతట తాను పైకి ఎక్కదు, ఒకసారి తెగి మళ్లీ కలవాలి. రౌటర్ ఆపి తిరిగి ఆన్ చేస్తే బాగయ్యేది అందుకే. 94 కంటే కిందికి పడటం వేరే సంగతి. తీగల మధ్య నీరు చేరితే సంకేతం బలహీనపడి ప్యాకెట్లు చెడిపోతాయి. చెడినవాటిని మళ్లీ మళ్లీ పంపుకోవడంలోనే వేగం హరించుకుపోతుంది.

ఇది తెలిశాక పోయిన ఏడాది అక్టోబరులో, వాన పడుతుండగానే గోడ నుంచి వచ్చే వైరును తీసి నేరుగా లాప్‌టాప్‌కు పెట్టాను. విండోస్ సెట్టింగ్స్‌లో `Link speed (Receive/Transmit)` దగ్గర `100/100 (Mbps)` అని ఉంది. తర్వాత గేట్‌వేకు, అంటే ఇంటి నుంచి నెట్‌లోకి వెళ్లే దారిలో మొదటి మజిలీకి, రెండు రకాల పింగ్ పంపాను. పింగ్ అంటే ప్యాకెట్ పంపి జవాబు వస్తుందో లేదో చూడటం. మొదటిది చిన్న ప్యాకెట్లతో, రెండోది పెద్దవాటితో.

```
ping -n 200 10.20.0.1
ping -n 200 -l 1400 10.20.0.1
```

చివర ఉన్నది నా గేట్‌వే అడ్రస్, మీది `ipconfig` చూపిస్తుంది. చిన్న ప్యాకెట్లు 200లో ఒకటే పోయింది. 1400 బైట్లవి 23 పోయాయి. వైరులో తప్పులు దొర్లుతుంటే ఎక్కువ దెబ్బ తినేది పెద్ద ప్యాకెట్లే. ఇంట్లో వైఫై ఈ లెక్కలో లేదు కాబట్టి ఛానల్ మార్చమనే మాటకు తావే లేదు. ఆ తెరను ఫొటో తీసి కంప్లెయింట్‌కు జతచేశాను.

వైరు ఎక్కడ పాడైందో చూపించింది మా అత్తయ్య. వేసవిలో డాబా మీద వడియాలు పెట్టినప్పుడే చూశారట. "పిట్టగోడ మీద ఆ బూడిదరంగు వైరు పెచ్చులూడిపోతోందమ్మా, మనదేనేమో చూడు" అన్నారు. వెళ్లి వేలితో వంచితే పైతొడుగు ఎండిన ఉల్లిపొట్టులా విరిగింది. పడమటి ఎండ నేరుగా తగిలే మీటరున్నర మేర అంతటా పగుళ్లే. అది ఇంటి లోపల వాడే పీవీసీ తొడుగు కేబుల్. ఎండకు తట్టుకునే రకమైతే సాధారణంగా నల్లగా ఉంటుంది, ఆ నలుపు కార్బన్ వల్ల వచ్చేది, అదే ఎండను ఆపుతుంది. ఇంకా కిందికి, పైపుల షాఫ్ట్‌లోకి వైరు దిగే చోట ఎలుక పంటి గాట్లు జంటగా కనిపించాయి. అక్కడ గోధుమరంగు జతలో రాగి బయటపడి ఉంది.

ఈసారి వచ్చిన అబ్బాయి హిందూపురం వాడు, తెలుగులోనే మాట్లాడాడు. నా ఎదుటే జాక్ కోశాడు. తొడుగు లోపలి నుంచి రెండు చుక్కల నీళ్లు నేల మీద పడ్డాయి. కోసిన జాక్‌లో పిన్నుల దగ్గర ఆకుపచ్చ చిలుము పట్టి ఉంది. "పై పగుల్లో దిగిన నీరు తొడుగు లోపలే జారి మీ జాక్ దాకా వస్తోందక్కా. జాక్ ఎన్నిసార్లు మార్చినా ఇంతే, వైరే మార్చాలి" అన్నాడు. ఇన్నాళ్లూ ఈ ఒక్క మాట చెప్పేవాళ్లు లేక నేను పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు.

కంపెనీవాళ్లు మళ్లీ ఆ బూడిదరంగు కేబులే ఇస్తామన్నారు. నేను 1,400 రూపాయలు పెట్టి అచ్చమైన రాగి తీగలున్న నల్లటి అవుట్‌డోర్ కేబుల్ 35 మీటర్లు తెప్పించుకున్నాను. అల్యూమినియం తీగకు రాగి పూత పూసినవి చౌకగా దొరుకుతాయి, తడికి అవి ఇంకా తొందరగా పోతాయని అబ్బాయే వద్దన్నాడు. ఎక్కడా అతుకు లేకుండా ఒకే ముక్క వేశాడు. షాఫ్ట్‌లో పీవీసీ పైపులోంచి దించి, ఎలుకలు దూరకుండా పైపు రెండు కొసలూ ఇనుప జాలీతో మూశాడు. కిటికీ దగ్గర వైరును కిందికి ఒక వంపు వదిలి, మళ్లీ పైకి తెచ్చి లోపలికి తీసుకున్నాడు. వైరు మీద జారే నీరు ఇప్పుడు ఆ వంపు దగ్గరే కారిపోతుంది.

ఈ ఏడాది మే నెల వానల్లో రోజూ చూశాను. ఒక్కరోజు కూడా 145కి తగ్గలేదు. 1400 బైట్ల పింగ్ 200కి 200 వెనక్కి వచ్చాయి.

అయినా మునుపటిలా కళ్లు మూసుకుని తీసుకోమని చెప్పలేను. నా మాట విని చేరిన ఆ రెండిళ్లకూ ఇప్పటికీ బూడిదరంగు వైరే ఉంది. ఒకరిది షాఫ్ట్‌లోంచే దిగుతుంది, ఎండ తగలదు కాబట్టి ఇబ్బంది లేదు. రెండోవాళ్ల వైరు పిట్టగోడ మీదుగానే పోతుంది, వాళ్లకూ ఈమధ్య 94 మొదలైంది. వెళ్లి అన్నీ చూపించి వచ్చాను. పైగా ఎంత మంచి కేబుల్ వేసినా డాబా మీది రాగి తీగకు పిడుగుల భయం ఉండనే ఉంది. ఉరిమితే నేను రౌటర్ నుంచి వైరు తీసేస్తాను. ఇంటి లోపలికే ఫైబర్ వస్తే ఆ పని ఉండదు. మా ఓనర్ గోడకు కొత్త రంధ్రం ఒప్పుకోలేదు కాబట్టి నేను ఇందులోనే ఉన్నాను. మీ ఇంటికి ఫైబర్ వచ్చే వీలుంటే అదే అడగండి. మా లాంటి బిల్డింగ్ అయితే, డబ్బు కట్టేముందు డాబా ఎక్కి వైరు ఏ రంగులో ఉందో, ఎండ ఎక్కడ తగులుతుందో చూసి రండి.