కోడి కిలో 240, చేప కిలో 200: ఏది చవక?

విజయనగరం మార్కెట్లో ఆదివారం ఈ రెండు ధరలు కనిపించాయనుకుందాం. చేపే చవకని సంచి చాపేస్తాం. కానీ కంచంలోకి వచ్చే కండని బట్టి లెక్క వేస్తే కథ మారుతుంది.

స్కిన్‌లెస్ కోడి కిలోలో ఎముకలు తీసేస్తే సుమారు 650 గ్రాముల కండ మిగులుతుంది. అంటే కండ కిలో దాదాపు 370 రూపాయలు.

శీలావతి చేపని కోయకముందే తూస్తారు. పొలుసు, పేగులు, మొప్పలు, రెక్కలు పోయి, తల వదిలేసి, ముళ్ళు తీస్తే మిగిలేది సుమారు అర కిలో. కండ కిలో 400 అయింది! అదే తలని పులుసులో వేసి, దాని మాంసం, జన కూడా తినే ఇంట్లో 600 గ్రాములు లెక్కకి వస్తుంది. అప్పుడు 335 లోపే, చేపదే గెలుపు.

కోడి లైవ్ ధర వేరే సంగతి. కిలో 140 చొప్పున రెండు కిలోల కోడికి 280. తోలు తీస్తే వచ్చేది 1.3 కిలోలే, కాబట్టి స్కిన్‌లెస్ కిలో 215 పడుతుంది. అయితే కోత కూలి విడిగా అడుగుతారేమో ముందే కనుక్కోవాలి.

తూకం కోయకముందా, కోశాకా అని ప్రతిసారీ అడగండి. అనుమానముంటే ముక్కలని ఇంటి దగ్గర తూచండి.

చిన్నపిల్లలున్న ఇంట్లో, ముళ్ళ భయముంటే కోడి కొనండి. తల పులుసు ఇష్టపడే ఇంటికి శీలావతి. మొత్తం కోడి వండేసే రోజున లైవ్ ధరకే కొనండి.