బైపాస్ తర్వాత రిహాబ్: ఏడాది దాటినాక నా రివ్యూ, అదీ ఆ 6 నుంచి 20 చార్టు గురించే

మా కర్నూలులోనే ఒక ఆస్పత్రిలో బైపాస్ అయింది, రిహాబ్ కూడా అక్కడే చేసినా. ఫస్ట్ ఫేజ్ అంటే వార్డులో లేపి కూర్చోబెట్టి వరండాలో నడిపించడం, సెకండ్ ఫేజ్ అంటే డిశ్చార్జి అయినాక వారానికి మూడు సార్లు పోయి మానిటర్ పెట్టుకొని ఎక్సర్‌సైజ్ చేయడం, తర్వాతది మన పాటికి మనం. ఇదంతా ఆస్పత్రోళ్ళే చెప్తారు గాబట్టి నేను దాని జోలికి పోను. నేను రాయాలనుకున్నది ట్రెడ్‌మిల్ ఎదురుగా గోడకి అతికించిన ఒక లామినేషన్ చార్టు గురించి.

ఆ చార్టులో 6 నుంచి 20 దాకా నెంబర్లు ఉంటాయి. 6 అంటే ఊరికే కూర్చున్నట్టు, 11 అంటే తేలిక, 13 అంటే కొంచెం కష్టంగానే ఉంది, 15 అంటే కష్టం, 17 అంటే చాలా కష్టం, 20 అంటే ఇంక నావల్ల కాదు అని. నడుస్తా ఉండగా రిహాబ్ చేయించే మేడమ్ వచ్చి ఇప్పుడు ఎంత అన్నా అని అడుగుతుంది, మనం ఒక నెంబర్ చెప్పాల, అంతే. దీన్ని తయారు చేసింది స్వీడన్‌కి చెందిన గున్నార్ బోర్గ్ అనే సైకాలజిస్ట్. 6తో ఎందుకు మొదలవుతుందంటే పక్కన సున్నా పెడితే ఆరోగ్యంగా ఉన్న వయసు పిల్లల పల్స్ సుమారుగా వస్తుందంట, 6 అంటే 60, 20 అంటే 200. మనలాగా మెటోప్రోలాల్ వేసుకునేవాళ్ళకి ఆ సున్నా లెక్క కుదరదు, ఎందుకంటే ఆ మాత్ర పనే పల్స్‌ని ఎక్కనీయకుండా పట్టుకోవడం. మాకు మామూలుగా 11 నుంచి 13 మధ్య ఉంచుతారు.

మొదట్లో నాకు దాని మీద పెద్ద గురి లేదు. నా కార్డు మీద నడిచేటప్పుడు ఉండాల్సిన పల్స్ నెంబర్ రాసి ఉంది, 92 నుంచి 104. ఆపరేషన్ అయిన కొన్ని వారాలకి ట్రెడ్‌మిల్ టెస్ట్ చేసి తీసిన లెక్క అది. కూర్చున్నప్పుడు 68, టెస్ట్‌లో గరిష్ఠంగా 128, మధ్యలో తేడా 60, అందులో 40 శాతం అంటే 24, 60 శాతం అంటే 36, వాటిని 68కి కలిపితే 92, 104. లెక్క సుబ్బరంగా ఉంది, స్క్రీన్ మీద పల్స్ కనపడతా ఉంది, ఇంక మనల్ని అడిగేదేముంది అనిపించేది.

ఆ మధ్యలో బీపీ ఎక్కువగా ఉందని వేరే డాక్టరు మెటోప్రోలాల్ డోసు 25 నుంచి 50కి పెంచినాడు. పెంచడం తప్పని నేను అనను, నా బీపీకి అది కావాల్సిందే. కానీ మాత్ర మారితే కార్డు మీద నెంబర్ కూడా మారాల అని ఎవ్వరూ అనలేదు, ఆ మాట రిహాబ్ రూముకి చేరలేదు. నాకు దీని మీద ఇప్పటికీ కోపం ఉంది.

ఆ తర్వాత ఒక రోజు ఎప్పుడూ నడిచే స్పీడులోనే నడుస్తా ఉంటే పల్స్ 84 దాటలేదు. అక్కడున్న అసిస్టెంట్ పిల్లోడు కార్డు చూసినాడు, 92 రావాల కదా అని స్లోప్ కొంచెం పెంచినాడు, రాలేదని ఇంకొంచెం పెంచినాడు, అట్లా పోతా పోతా 98కి వచ్చింది. స్క్రీన్ చూస్తే అంతా బాగున్నట్టే, ఈసీజీ గీతలు కూడా మామూలుగానే ఉన్నాయి, కానీ నాకు పిక్కలు పట్టేసినాయి, చెమట కళ్ళల్లోకి కారతా ఉంది, పక్క మిషన్ మీద పెద్దాయన ఏందో అడిగితే రెండు మాటలకి ఒకసారి ఊపిరి పీల్చుకోవాల్సి వచ్చింది. అప్పుడే మేడమ్ వచ్చి ఎంత అన్నా అనింది. 15, 16 ఉంటుంది మేడమ్ అన్నా. ఆమె స్క్రీన్ వైపు చూడను కూడా చూడలేదు, ముందు స్లోప్ దించింది, తర్వాత స్పీడు మెల్లగా తగ్గించుకుంటా వచ్చింది, ఒక్కసారిగా ఆపితే రక్తం కాళ్ళల్లోనే ఉండిపోయి కళ్ళు తిరిగి పడతారని. బీపీ చూసినాక అడిగిన మొదటి మాట, మాత్రలు ఏమన్నా మార్చినారా అని.

మళ్ళా టెస్ట్ చేయించినారు. ఈసారి కూర్చున్నప్పుడు 58, గరిష్ఠం 114. అదే లెక్క వేస్తే 80 నుంచి 92 వచ్చింది. అంటే పాత కార్డులో కింద అంచు ఏదో అదే ఇప్పుడు పై అంచు. 98 అంటే నా కొత్త శక్తిలో 70 శాతం దాటి, ఇంక ఆ పిల్లోడు 104 దాకా తీసుకుపోయింటే 80 దాటేది. స్క్రీన్‌కి ఈ సంగతి తెలీదు, నేను చెప్పిన 15కి తెలిసింది. అప్పటి నుంచి ఎవరు కనపడినా చెప్తాండా, పల్స్ తగ్గించే మాత్ర మారిస్తే ఆ రోజే రిహాబ్‌లో చెప్పండి, మళ్ళా టెస్ట్ అయ్యేదాకా 13 దాటొద్దు, మాట తెగకుండా మాట్లాడగలిగే స్పీడులోనే నడవండి అని.

అయితే ఇంత పొగిడినా గానీ, పనిలోకి పోయినాక ఈ చార్టు అంతగా ఆదుకోలేదు. నాది ఎరువుల అంగడి. యూరియా మూట 45 కిలోలు. ట్రెడ్‌మిల్ మీద మెల్లగా కష్టం పెరుగుతుంది గాబట్టి నెంబర్ చెప్పడానికి టైమ్ ఉంటుంది, మూట ఎత్తడం అట్లా కాదు, ఊపిరి బిగబట్టి ఒక్క ఊపులో ఎత్తేస్తాం, బీపీ జివ్వున లేస్తుంది, ఆయాసం తెలిసేలోపల పని అయిపోయి ఉంటుంది. చేతులతో చేసే పనికి, అదే శ్రమకి కాళ్ళ పని కంటే గుండె మీద బరువు ఎక్కువ పడుతుందని కూడా మేడమే చెప్పింది. దానికి తోడు కోసిన రొమ్ము ఎముక అతుక్కోవడానికి సుమారు మూడు నెలలు పడుతుంది, అది చార్టులో ఎక్కడా కనపడదు.

అందుకే పనికి ఆమె వేరే లెక్క చెప్పింది. ఒక మెట్ అంటే ఊరికే కూర్చున్నప్పుడు ఒంటికి అయ్యే శక్తి ఖర్చు. నేను టెస్ట్‌లో రెండో స్టేజీ పూర్తి చేసినా, అంటే సుమారు 7 మెట్‌లు. రోజంతా చేసే పని సగటున అందులో 40 శాతం దాటకూడదు, ఎప్పుడన్నా వచ్చే గట్టి పని 80 శాతం దాటకూడదు, అంటే 5.6. గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే 2 లోపే, అది సరిపోతుంది. మూటలు మోయడం 7, 8 ఉంటుంది, అది కుదరదు. అట్లా మొదట పొద్దున పూట మాత్రమే అంగట్లో కూర్చున్నా, మూటలు హమాలీలకే వదిలేసినా. రిహాబ్‌లో కిలో డంబెల్స్‌తో మొదలుపెట్టి తర్వాత ఇసక సంచులు ఎత్తించినారు, ఎత్తేటప్పుడు గాలి బయటికి వదలాల అని ప్రతిసారీ గుర్తు చేసేవాళ్ళు. ఇప్పుడు ఇంకొకరు పట్టుకుంటే మూట జరుపుతా, ఒక్కణ్ణే ఎత్తను.

ఇంకొకటి, ఈ చార్టు శ్రమకే, నొప్పికి కాదు. రొమ్ములో బిగపట్టినా, దవడ లాగినా 11 దగ్గరున్నా సరే ఆపేయాల. నాకు షుగర్ ఉంది, షుగరోళ్ళకి నొప్పి తెలీకుండా ఒట్టి ఆయాసమే రావచ్చు, అందుకే మొన్న 11 అనిపించిన పనే ఈరోజు 14 అనిపిస్తే నేను దాన్ని తేలిగ్గా తీసుకోను, డాక్టరుకి చూపిస్తా.

ఇప్పుడు మూడో ఫేజ్, పొద్దున్నే నా పాటికి నేను నడుస్తాండా. మా కర్నూలు ఎండలు తెలిసిందే కదా, ఏప్రిల్, మే నెలల్లో ఆరు దాటితే చాలు అదే స్పీడుకి 13 తొందరగా వచ్చేస్తుంది, అప్పుడు స్పీడు తగ్గిస్తా, దూరం గురించి పట్టించుకోను.

నా మటుకు నాకు ఈ రిహాబ్‌కి నాలుగు స్టార్లు. కానీ నాది సొంత అంగడి, నేను సగం పూట కూర్చున్నా మా తమ్ముడు మిగతాది చూసుకున్నాడు. మా బ్యాచ్‌లోనే యార్డులో హమాలీ ఒకాయన ఉన్నాడు, కూలి లేక మధ్యలోనే మానేసి మూటల్లోకి పోయినాడు. ఆయనకి నా లెక్కలు చెప్పి ఏం లాభం, ఆయన రివ్యూ రాస్తే వేరేగా ఉంటుంది. సీజన్ రోజుల్లో మన ఊరి ఆస్పత్రులు సాయంత్రం పూట కూడా రిహాబ్ నడిపితే అట్లాంటి వాళ్ళకి కొంచెమన్నా కుదురుతుంది, ఆ ఒక్క స్టారు అందుకే పట్టి పెట్టుకున్నా.