పీడీఎఫా, వర్డ్ ఫైలా, ఇన్‌డిజైన్ ఫైలా: లార్జ్ ప్రింట్‌కి ఏది ఇస్తే మేలు?

నమస్తే అండి,

మీ నవలని మా లైబ్రరీ కోసం లార్జ్ ప్రింట్‌గా, ఈబుక్‌గా చేసుకోడానికి ఒప్పుకున్నారు, చాలా థాంక్స్. ప్రెస్‌కి పంపిన పీడీఎఫ్ ఇస్తాం సరిపోతుందిగా అన్నారు, కానీ అదొక్కటే అయితే కష్టమండి.

పీడీఎఫ్‌ని పెద్దది చేయడమంటే ఏ5 పేజీని ఏ4కి సాగదీయడమే, అంటే 141 శాతం. మీ పుస్తకంలో అక్షరం 11 పాయింట్లు కాబట్టి పదిహేనున్నర దగ్గర ఆగిపోతుంది, మాకేమో 18 కావాలి, ఇంకా సాగదీస్తే లైన్ చివరలు పేజీ దాటిపోతాయి. పోనీ టెక్స్ట్ కాపీ చేసుకుందామంటే, అను ఫాంట్లలో కంపోజ్ చేసిందైతే పేస్ట్ చేయగానే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా పడతాయి, యూనికోడ్ ఫాంటైనా వత్తులు చోటు మారిపోతుంటాయి. ఓసీఆర్ చేస్తే థ ఎక్కడో ధ ఎక్కడో చూసుకుంటూ పుస్తకమంతా మళ్లీ ప్రూఫ్ చదవాలి.

వర్డ్ ఫైల్ ఈబుక్‌కి తేలికే, యూనికోడ్‌లో ఉంటే ఇంకా హాయి. చిక్కేంటంటే అది సాధారణంగా రచయిత మొదట ఇచ్చిన ప్రతి, ప్రూఫ్ దిద్దుబాట్లన్నీ పేజీలు కట్టాక లేఅవుట్‌లోనే చేస్తారు కదా, అంటే మీరు దిద్దించిన తప్పులే మా ఎడిషన్‌లో మళ్లీ వస్తాయి.

అందుకే నా ఓటు ఇన్‌డిజైన్ ఫైల్‌కే. చివరి దిద్దుబాట్లతో సహా అందులో ఉంటుంది, పేరాలకి స్టైల్స్ పెట్టి ఉంటే సైజు 18కి మార్చగానే పుస్తకమంతా మారుతుంది, ఆ హెడ్డింగ్ స్టైల్స్ నుంచే ఈబుక్‌కి విషయసూచిక కూడా వచ్చేస్తుంది. మీ 200 పేజీలు ఏ4లో సుమారు 270 అవుతాయి, వత్తులు కింది లైన్‌కి తగలకుండా గ్యాప్ పెంచితే ఇంకొన్ని. అయితే డీటీపీ ఆపరేటర్ లైన్ చివర ఎంటర్ కొట్టుకుంటూ పోయుంటే మాత్రం సైజు మార్చగానే పేరాలు ముక్కలవుతాయి, అవి తీసే పని మేం చూసుకుంటాం.

ఇన్‌డిజైన్‌లో File > Package కొడితే బొమ్మలు, ఫాంట్లతో కలిపి ఒక ఫోల్డర్ వస్తుంది, దాంట్లో .idml కూడా ఉండేలా చూడండి, ఎందుకంటే మీ వెర్షన్ కొత్తదైతే .indd మా పాత వెర్షన్‌లో తెరుచుకోదు. ఒకవేళ పుస్తకం పేజ్‌మేకర్‌లో చేసిందైతే ఫాంట్ పేరు చెప్పి, టెక్స్ట్ ఎక్స్‌పోర్ట్ చేసి ఇవ్వండి చాలు, కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మారుస్తాం. తప్పులు వచ్చినా ఒకే రకంగా వస్తాయి కాబట్టి వెతికి దిద్దడం ఓసీఆర్ కంటే చాలా నయం.

పీడీఎఫ్ కూడా పంపండి, ఏ వాక్యం మీద డౌటొచ్చినా దాంతో పోల్చుకుంటాం. ముందు ఒక్క అధ్యాయం ఫైల్ ఇవ్వండి చాలు, 18 పాయింట్లలో చేసి మీకు చూపిస్తాను, అది చూశాక మిగతావి ఇద్దురు.